ఆఖరి మాత్ర ఏ రోజు, క్వారంటైన్ నుంచి విడుదల ఏ రోజు: లెక్కలో జాగ్రత్తలు

యాంటీబయాటిక్ చీటీలో "రోజుకు రెండు, 7 రోజులు" అని రాసి ఉంది. మొదటి మాత్ర సోమవారం రాత్రి వేసుకున్నారు. ఆఖరి మాత్ర ఎప్పుడు? సోమవారాన్ని కలుపుకున్నవాళ్లు ఆదివారం రాత్రి అంటారు, కలుపుకోనివాళ్లు మరుసటి సోమవారం రాత్రి అంటారు. ఇద్దరి లెక్కా ఒక్కో పూట తప్పింది. సరైన జవాబు మరుసటి సోమవారం ఉదయం.

యాంటీబయాటిక్ కోర్సును రోజుల్లో కాక పూటల్లో లెక్కపెట్టాలి. రోజుకు రెండు చొప్పున 7 రోజులంటే 14 పూటలు. సోమవారం రాత్రి ఒకటి. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు రోజులు, అవి 12. మొత్తం 13. మిగిలిన ఆ ఒక్కటి సోమవారం ఉదయానికి పడుతుంది. అదే మందును సోమవారం ఉదయమే మొదలుపెట్టి ఉంటే ఆదివారం రాత్రికి 14 పూర్తయ్యేవి. మొదటి రోజు లెక్కలోకి వస్తుందా రాదా అని వాదించుకోవడం అనవసరం. ఆ రోజు ఎన్ని పూటలు పడ్డాయో అన్నే లెక్క.

రోజుకు మూడుసార్లు వేసుకునే మందు ఇంకాస్త తికమక పెడుతుంది. ఏడు రోజులకు 21 పూటలు. మధ్యాహ్నం మొదలుపెడితే మొదటి రోజు రెండే పడతాయి, తర్వాతి ఆరు రోజుల్లో 18, మొత్తం 20. ఇరవై ఒకటోది ఎనిమిదో రోజు ఉదయం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది: ఉదయం పూట పోయింది కదా అని మధ్యాహ్నం రెండు మాత్రలు కలిపి వేసుకుంటారు. అలా చేయకూడదు. మొదటి మాత్ర వేసుకున్న క్షణం నుంచే మందు లెక్క మొదలవుతుంది, అంతకు ముందు గడిచిన పూటలకు బాకీ ఏమీ లేదు.

రోజుకు ఒకే ఒక్కసారి వేసుకునే మందులకు ఈ గొడవే ఉండదు. ఏ వేళకు మొదలుపెట్టినా మొదటి రోజు పూర్తి రోజుగానే లెక్క. ఐదు రోజుల అజిత్రోమైసిన్ కోర్సుల్లో ఒకటి చూడండి: మొదటి రోజు 500 మిల్లీగ్రాములు, ఆ తర్వాత నాలుగు రోజులు 250 చొప్పున. అందులో ఆరు 250 మాత్రలుంటాయి, తొలిరోజు రెండు వేసుకోవాలి. ఆరు మాత్రలు చూసి ఆరు రోజుల కోర్సు అనుకుంటే మొదటి రోజు సగం మోతాదే అందుతుంది. పెట్టెలో ఉన్న మాత్రల సంఖ్యను రోజుల సంఖ్యగా తీసుకోవద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

పిల్లల సిరప్‌లతో ఇదే తప్పు మరో వైపు నుంచి వస్తుంది. పూటకు 5 మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు అంటే కావలసింది 70 మిల్లీలీటర్లు. సీసా 100 మిల్లీలీటర్లది అయితే 30 మిగలాలి. సీసా ఖాళీ అయ్యేదాకా ఇస్తే మూడు రోజుల మందు ఎక్కువ పోసినట్టు. మిగిలినదాన్ని మరో జ్వరానికి దాచడమూ కుదరదు, ఎందుకంటే పొడిలో నీళ్లు కలిపాక మందు కొన్ని రోజులే పనిచేస్తుంది. ఎన్ని రోజులో సీసా మీదే రాసి ఉంటుంది. ఆ గడువు మీ ఆఖరి పూట కంటే ముందే ముగిసేలా ఉంటే కొనేటప్పుడే మందుల దుకాణంలో అడగాలి.

మధ్యలో ఒక పూట మరిచిపోతే? సాధారణంగా గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి పూటకు సమయం దగ్గర పడి ఉంటే మాత్రం వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. అలా వదిలేసినప్పుడు పట్టీలో ఒక మాత్ర మిగులుతుంది కాబట్టి ఆఖరి మాత్ర ఒక పూట ఆలస్యమవుతుంది. రెండు మూడు పూటలు వరుసగా తప్పితే సొంత లెక్క మానేసి రాసిన వైద్యుడినే అడగడం మేలు. తేదీలు గుర్తుంచుకోవడం కంటే, మొదటి రోజే చీటీ మీద 1 నుంచి 14 దాకా అంకెలు వేసి, వేసుకున్నప్పుడల్లా ఒకటి కొట్టేయడం నయం. అంకెలు అయిపోయాయా, కోర్సు అయిపోయింది.

క్వారంటైన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ పూటలు లేవు, గడిచిన కాలం ఉంది. వ్యాధి బయటపడటానికి పట్టే గరిష్ఠ కాలం దాటేదాకా ఆగడమే దాని ఉద్దేశం. రోగిని కలిసింది ఉదయమైనా రాత్రి పదకొండు గంటలకైనా, ఆ రోజు పూర్తిగా గడవలేదు. అందుకే ఆ రోజును సున్నాగా పెట్టి, మరుసటి రోజును ఒకటిగా లెక్కిస్తారు. కోవిడ్ కాలంలో చాలా చోట్ల ఇదే పద్ధతి నడిచింది. మార్చి 27న కలిశారు, 10 రోజులు ఉండమన్నారు అనుకుందాం. 27 సున్నా, 28 ఒకటి, 31 నాలుగు, ఏప్రిల్ 6 పది. ఆ రోజు ముగిసేదాకా ఉండి, 7న బయటికి రావాలి. 27నే ఒకటిగా పెట్టుకున్నవాళ్లు 6నే బయటపడతారు, అంటే ఒక రోజు ముందే. వారం పేరుతోనూ సరిచూసుకోవచ్చు: 7 లేదా 14 రోజుల క్వారంటైన్‌లో సున్నా రోజు ఏ వారమో ఆఖరి రోజూ అదే వారం అవుతుంది. అలా రాలేదంటే మొదటి రోజును లెక్కలో కలిపేశారన్నమాట.

అయితే కూడికలో తప్పు కంటే సున్నా రోజును తప్పుగా ఎంచుకోవడం వల్లే ఎక్కువ నష్టం. సున్నా అంటే రోగిని మొదటిసారి కలిసిన రోజు కాదు, ఆఖరిసారి కలిసిన రోజు. ఒకే ఇంట్లో ఉంటూ విడిగా ఉండలేకపోతే ఆ సున్నా రోజూ ముందుకు జరుగుతూనే ఉంటుంది. 2020లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఇచ్చిన సూచన ఇలాంటిదే: రోగి 10 రోజుల ఐసొలేషన్ ముగిశాకే ఇంట్లోని మిగతావాళ్ల 14 రోజులు మొదలవుతాయి. మొత్తం 24. అన్యాయంగా అనిపించినా లెక్కలో లొసుగు లేదు, పదో రోజు కూడా సోకే వీలుంది కదా.

రోగి లెక్క వేరు. లక్షణాలు కనిపించిన రోజు సున్నా. లక్షణాలు లేకుండా పరీక్షలో తేలితే నమూనా ఇచ్చిన రోజు సున్నా, ఫలితం వచ్చిన రోజు కాదు. తట్టులో దద్దు లేచిన రోజు సున్నా, ఆ తర్వాత నాలుగు రోజులు దూరంగా ఉంచుతారు. కుక్క కాటు టీకాల 0, 3, 7, 14, 28 పట్టికలోనూ మొదటి సూది పడిన రోజే సున్నా. నెల 5న మొదటిది పడితే రెండోది 8న, 7న కాదు.

ఎవరు చెప్పినా "10 రోజులు" అనగానే సరే అనకండి. ఏ తేదీ సున్నా, పదో రోజు లోపలే ఉండాలా, బయటికి రావచ్చా అని అడిగి తేదీలుగా రాయించుకోండి. క్వారంటైన్ మధ్యలో మీకే జ్వరమో దగ్గో మొదలైతే ఆ కాగితం చెల్లదు. లక్షణం కనిపించిన రోజును కొత్త సున్నాగా పెట్టి, ఈసారి రోగి లెక్క మొదలుపెట్టాలి.