ఇమ్యూనిటీ చాప్టర్‌లో కాలు జారే చోట్లు: పరీక్షకు ముందు ఒక కుక్కకాటు కథ

ఇంటర్ జువాలజీ పేపర్లు దిద్దుతుంటే ఏటా అవే తప్పులు కనిపిస్తాయి, నీట్ రాసే పిల్లలు డౌట్లు అడిగినప్పుడు కూడా అవే. నీట్‌లో అయితే తప్పు టిక్ పెడితే వచ్చే 4 పోవడమే కాకుండా ఇంకో మార్కు ఎదురు కోత. ఈ చాప్టర్‌ని పట్టికలాగా బట్టీ కొడితే పరీక్ష హాల్లో గడులన్నీ కలిసిపోతాయి, అందుకే ఒకే ఒక కేస్ చెప్తా, దాన్ని పట్టుకుని నడవండి.

మా వీధిలో తొమ్మిదో క్లాసు పిల్లాడిని ట్యూషన్ నుంచి వస్తుంటే కుక్క పిక్క మీద కరిచింది, చర్మం చీలి రక్తం వచ్చింది. వాళ్ళమ్మ వెంటనే కుళాయి కింద కాలు పెట్టి సబ్బుతో పావుగంట కడిగింది. తర్వాత హాస్పిటల్లో రెండు రకాల ఇంజెక్షన్లు ఇచ్చారు, ఒకటి గాయం లోపలా చుట్టూ, ఇంకొకటి భుజంలో. "కరిచింది కాలికైతే భుజానికెందుకు?" అని వాడు నన్నడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం చాప్టర్ వచ్చేసినట్టే.

చర్మం అంటే ఇన్నేట్ ఇమ్యూనిటీలో మొదటి గోడ, ఫిజికల్ బ్యారియర్. అది చీలింది కాబట్టి కుక్క లాలాజలంలో ఉన్న బ్యాక్టీరియా లోపలికి వచ్చేసింది, కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్, మ్యాక్రోఫేజ్‌లు అక్కడికి చేరి దొరికినదాన్ని దొరికినట్టు మింగుతాయి, కాలు ఎర్రబడి వాచేది అందుకే. వీళ్ళకి వచ్చింది ఎవరో పేరుపేరునా తెలియాల్సిన పన్లేదు, బయటివాడు అని తెలిస్తే చాలు. నిన్న ఎవర్ని కొట్టారో గుర్తుండదు కూడా. మీ పుస్తకం లెక్కలో ఇన్నేట్ అంటే ఇదే, పుట్టుకతో వచ్చింది, నాన్ స్పెసిఫిక్, మెమరీ లేనిది.

ఇక్కడే మొదటి గుంట. నేచురల్ కిల్లర్ సెల్ లింఫోసైట్ రకమే, పేరులో కిల్లర్ కూడా ఉంది, దాంతో పిల్లలు దాన్ని కిల్లర్ టి సెల్‌తో కలిపేసి అడాప్టివ్‌లో పడేస్తారు. కాదు, అది ఇన్నేట్, సెల్యులార్ బ్యారియర్. "లింఫోసైట్లన్నీ అడాప్టివ్" అని ఎవరైనా షార్ట్‌కట్ చెప్తే నమ్మకండి. అలాగే ఇంటర్‌ఫెరాన్ అనేది వైరస్ పట్టిన సెల్ పక్క సెల్స్‌ని కాపాడటానికి వదిలే ప్రోటీన్, సైటోకైన్ బ్యారియర్, అది యాంటీబాడీ కాదు.

సరే, భుజం దగ్గరికి వద్దాం. భుజంలో ఇచ్చింది వ్యాక్సిన్, అంటే చంపేసిన రేబిస్ వైరస్. అక్కడున్న డెండ్రైటిక్ సెల్స్ దాన్ని మింగి, ముక్కలు చేసి, చంకలో ఉన్న లింఫ్ నోడ్‌కి మోసుకెళ్తాయి. ఆ ముక్కని ఎమ్‌హెచ్‌సీ క్లాస్ 2 అనే పళ్ళెంలో పెట్టి హెల్పర్ టి సెల్‌కి చూపిస్తాయి. టి సెల్ వైరస్‌ని నేరుగా గుర్తుపట్టలేదు, పళ్ళెంలో పెట్టిన ముక్కనే గుర్తుపడుతుంది. బి సెల్ అలా కాదు, తన మీదున్న రిసెప్టర్‌తో వైరస్ ఆకారాన్ని నేరుగా పట్టేసుకుంటుంది. ఈ తేడా మీద అసర్షన్ రీజన్ ప్రశ్న ఇస్తే చాలామంది తడబడతారు.

వైరస్‌ని పట్టుకున్న బి సెల్ కూడా దాన్ని ముక్కలు చేసి హెల్పర్ టి సెల్‌కి చూపిస్తుంది, "అవును, నాకూ ఇదే కనిపించింది" అన్నట్టు హెల్పర్ సైటోకైన్స్ ఇస్తుంది, అప్పుడు బి సెల్ బోలెడు కాపీలుగా విడిపోయి కొన్ని ప్లాస్మా సెల్స్, కొన్ని మెమరీ సెల్స్ అవుతాయి. యాంటీబాడీలు వదిలేది ప్లాస్మా సెల్స్. ముందు ఐజీఎమ్, తర్వాత హెల్పర్ సాయంతో ఐజీజీ. "టి సెల్స్ యాంటీబాడీలు తయారుచేస్తాయి" అన్న వాక్యం నేను ఎన్ని పేపర్లలో కొట్టేశానో లెక్కలేదు. టి సెల్ సాయం చేస్తుంది, వదలదు.

కిల్లర్ టి సెల్ పని వేరే. వైరస్ లోపల దూరిన మన సొంత సెల్, ఆ ముక్కని క్లాస్ 1 పళ్ళెంలో బయట పెడితే, ఇది చూసి ఆ సెల్‌నే చంపుతుంది. గుర్తుకి ఒక పాత లెక్క ఉంది, గుణిస్తే ఎప్పుడూ 8 రావాలి: హెల్పర్ మీద సీడీ4, క్లాస్ 2, కిల్లర్ మీద సీడీ8, క్లాస్ 1. ఇంకో చిన్న జాగ్రత్త, రెండు రకాల లింఫోసైట్లూ పుట్టేది బోన్ మ్యారోలోనే, టి సెల్ పరిపక్వమయ్యేది మాత్రం థైమస్‌లో. ప్రశ్నలో "పుట్టేది" అన్నారా "పరిపక్వమయ్యేది" అన్నారా రెండుసార్లు చదవండి.

ఇప్పుడు గాయంలో ఇచ్చిన ఇంజెక్షన్. వ్యాక్సిన్‌కి సొంత యాంటీబాడీలు తగినన్ని రావాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఈలోపు గాయంలోని వైరస్ నరంలోకి ఎక్కేస్తే ఇక కష్టం. అందుకే వేరేచోట తయారైన రెడీమేడ్ యాంటీబాడీలు, అంటే ఇమ్యునోగ్లోబులిన్, సరిగ్గా వైరస్ ఉన్నచోటే పోస్తారు. ఇది పాసివ్ ఇమ్యూనిటీ, వ్యాక్సిన్‌ది యాక్టివ్. రెండూ ఒకే సిరంజిలో, ఒకేచోట ఇవ్వరు, ఎందుకంటే ఆ యాంటీబాడీలే వ్యాక్సిన్‌ని అడ్డుకుంటాయి, భుజం కథ అదీ. మోతాదు మించి ఇచ్చినా మన సొంత స్పందన తగ్గుతుంది. మొదటి వ్యాక్సిన్ డోసు తర్వాత 7 రోజులు దాటితే ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వరు, అప్పటికి సొంత సరుకు మొదలవుతుంది కాబట్టి.

ఈ పాసివ్ దగ్గర రాసే తప్పేంటంటే, "యాంటీబాడీలు ఎక్కించారు కాబట్టి మెమరీ వస్తుంది" అని. రాదు. మన బి సెల్ దేనికీ కదల్లేదు, పోసినవి కొన్ని వారాల్లో కరిగిపోతాయి, అంతే. తల్లి ముర్రుపాలలో బిడ్డకి వచ్చే ఐజీఏ కూడా ఇదే కోవలోది.

మెమరీ ఎలా పనిచేస్తుందో చూడాలంటే అదే పిల్లాడిని ఇంకో ఏడాది తర్వాత మళ్ళీ కుక్క కరిచిందనుకోండి (పాపం). మొదటిసారి కండలో 5 డోసుల పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో తీసుకుని పూర్తి చేసుంటే, ఈసారి 0, 3 రోజుల్లో రెండే డోసులు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. మెమరీ సెల్స్ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి కొన్ని రోజుల్లోనే ఐజీజీ దండిగా వస్తుంది. పుస్తకంలో సెకండరీ లేదా అనమ్నెస్టిక్ రెస్పాన్స్ అని ఉండేది ఇదే, గ్రాఫ్ గీయమంటే రెండో శిఖరం మొదటిదానికన్నా ఎత్తుగా, త్వరగా లేచేలా గీయండి. రెండు శిఖరాలూ ఒకే ఎత్తు గీసినవాళ్ళకి నేను సగం మార్కులే వేస్తా. (నిజంగా కరిస్తే మాత్రం లెక్కలేసుకుంటూ కూర్చోకండి, కడిగేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, డోసుల సంగతి ఆయన చెప్తారు.)

చివరిగా బాగా దెబ్బకొట్టే ప్రశ్న ఒకటి. హెచ్‌ఐవీ చంపేది హెల్పర్ టి సెల్స్‌ని కదా, బి సెల్స్ ఉన్నాయి కదా, మరి యాంటీబాడీ స్పందన ఎందుకు బలహీనపడుతుంది? చాలామంది "వైరస్ బి సెల్స్‌ని కూడా చంపుతుంది" అని రాసేస్తారు. పైన చంకలో జరిగింది గుర్తు తెచ్చుకోండి, హెల్పర్ ఒప్పుకుని సైటోకైన్స్ ఇస్తేనే బి సెల్ కాపీలు పెరిగాయి, ఐజీజీకి మారాయి. ఆ ఒప్పుకునేవాడే లేడు. అందుకే ఇమ్యూనిటీ బాగా పడిపోయిన మనిషిని కుక్క కరిస్తే, ఇంతకుముందు వ్యాక్సిన్ పూర్తిగా తీసుకున్నా సరే, మళ్ళీ మొత్తం కోర్సుతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు.