ఊరి సైజు వారీ యాడ్స్ రిపోర్టు తేడాగా ఉందా? సమస్య - పరిష్కారం

కోనసీమ వైపు నుంచి పూతరేకులు, పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న వ్యాపారం అనుకుందాం. ఇప్పటిదాకా రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఒకటే గూగుల్ యాడ్స్ క్యాంపెయిన్ నడుస్తోంది. ఇప్పుడు బడ్జెట్ పెంచాలి. హైదరాబాద్‌లోనే ఇంకా పెట్టాలా, వరంగల్, నెల్లూరు లాంటి ఊళ్ళకు వెళ్ళాలా, లేక ఇంకా చిన్న పట్టణాలకా? దీనికోసం ఊళ్ళను జనాభా ప్రకారం గ్రూపులుగా చేసి, ఒక్కో గ్రూపులో ఆర్డర్‌కి ఎంత ఖర్చయిందో రిపోర్టు తీస్తాం. ఆ రిపోర్టు ఎక్కడెక్కడ తప్పుతుందో, ఎలా పట్టుకోవాలో, ఎలా సరిచేయాలో కింద రాశాను. లెక్కలన్నీ సులువుగా అర్థం కావడానికి వేసిన గుండ్రటి అంకెలు.

సమస్య 1: క్లిక్కులన్నీ హైదరాబాద్‌వే, చిన్న ఊళ్ళు దాదాపు సున్నా

ఎలా కనిపిస్తుంది: యాడ్స్ రిపోర్టులో పదింట ఏడు క్లిక్కులు హైదరాబాద్‌వి. కానీ ప్యాకింగ్ టేబుల్ దగ్గర నిలబడి పార్సిళ్ళ మీద అడ్రసులు చూస్తే తణుకు, మార్కాపురం, జగిత్యాల, పలాస కనిపిస్తాయి. ఈ రెండింటికీ పొంతన లేదంటే రిపోర్టునే అనుమానించాలి, పార్సిల్‌ని కాదు.

కారణం: యాడ్స్ సిస్టమ్ ఊరిని చాలాసార్లు ఇంటర్నెట్ ఐపీ అడ్రస్ బట్టి అంచనా వేస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే కాస్త మెరుగ్గా తెలుస్తుంది, లేకపోతే ఐపీయే దిక్కు. మొబైల్ డేటాలో ఆ ఐపీ మనిషి ఉన్న ఊరిది కాకుండా, కంపెనీ నెట్‌వర్క్ బయటికి కలిసే పెద్ద నగరానిది కావచ్చు. టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే శ్రీకాకుళంలో సెల్ డేటా మీద క్లిక్ చేసిన మనిషి హైదరాబాద్ ఖాతాలో పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంట్లో వైఫై ఉన్నవాళ్ళ ఊరు ఇంతకన్నా బాగా తెలుస్తుంది కానీ, చిన్న ఊళ్ళలో ఎక్కువమంది ఫోన్ డేటా మీదే ఉంటారు. అంటే ఊరు ఎంత చిన్నదైతే తప్పు అంత ఎక్కువ. సైజు వారీ రిపోర్టుకి ఇంతకన్నా పెద్ద దెబ్బ లేదు.

దీనికి తోడు క్యాంపెయిన్ సెట్టింగ్ ఒకటుంది. లొకేషన్ ఆప్షన్స్‌లో మామూలుగా ఉండేది `Presence or interest`. అంటే ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళే కాదు, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్ళకు కూడా యాడ్ కనిపిస్తుంది. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి "హైదరాబాద్‌కి స్వీట్స్ డెలివరీ" అని వెతికితే ఆ క్లిక్ మన హైదరాబాద్ వరుసలో చేరొచ్చు.

పరిష్కారం: ముందుగా ఆ సెట్టింగ్‌ని `Presence`కి మార్చండి. కానీ విదేశాల్లో ఉండి ఇక్కడ అమ్మానాన్నలకు పంపేవాళ్ళు మీకు ముఖ్యమైతే, వాళ్ళకోసం వేరే క్యాంపెయిన్ పెట్టాకే మార్చండి, లేకపోతే ఆ ఆర్డర్లు పోతాయి. ఐపీ తప్పుని మాత్రం ఏ సెట్టింగూ సరిచేయలేదు. అందుకే ఊరి పేరు యాడ్స్ రిపోర్టు నుంచి కాకుండా ఆర్డర్ మీద ఉన్న పిన్‌కోడ్ నుంచి తీసుకోవాలి. పోస్టల్ శాఖ పిన్‌కోడ్ జాబితా data.gov.in లో దొరుకుతుంది. దాన్ని `Pin` అనే షీట్‌లో పెట్టి, మొదటి కాలమ్‌లోకి పిన్‌కోడ్ తెచ్చి, మూడో కాలమ్‌లో ఊరి గ్రూపు రాసుకుంటే, ఆర్డర్ల షీట్‌లో పిన్‌కోడ్ E కాలమ్‌లో ఉందనుకుంటే ఇంతే పని:

```
=XLOOKUP(E2, Pin!A:A, Pin!C:C, "చూడాలి")
```

ఒక జాగ్రత్త. ఆ జాబితాలో ఒకే పిన్‌కోడ్ చాలా వరుసల్లో ఉంటుంది, ఎందుకంటే ఒక పిన్‌కోడ్ కింద పట్టణమూ, చుట్టుపక్కల పల్లెలూ కలిసి ఉంటాయి. కాబట్టి పిన్‌కోడ్‌కి ఒక్కటే వరుస ఉంచి, ఏ గ్రూపో చేత్తో నిర్ణయించండి. మీకు ఆర్డర్లు వచ్చిన పిన్‌కోడ్‌లకే చేస్తే చాలు. సాధారణంగా కొన్ని వందలుంటాయి, ఒక సాయంత్రం పని.

సమస్య 2: పిన్‌కోడ్ ప్రకారం చూస్తే పల్లెలే గొప్పగా కొంటున్నాయి

ఎలా కనిపిస్తుంది: పై పని చేశాక లక్ష లోపు ఊళ్ళ గ్రూపు ఒక్కసారిగా పైకి వస్తుంది. యజమాని సంబరపడి బడ్జెట్ మొత్తం అటు తిప్పమంటారు. తిప్పాక ఆర్డర్లు పెరగవు.

కారణం: పిన్‌కోడ్ చెప్పేది పార్సిల్ ఎక్కడికి వెళ్ళిందో. యాడ్ చూసి డబ్బు కట్టిన మనిషి ఎక్కడున్నాడో అది చెప్పదు. తినే వస్తువుల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసే కొడుకు నరసన్నపేటలో ఉన్న తల్లికి పండగకి పంపిస్తాడు. యాడ్ పనిచేసింది కూకట్‌పల్లిలో, లెక్కలో పడింది నరసన్నపేటలో. నేను ఈ రిపోర్టుల మీద కూర్చున్నప్పుడల్లా మొదట వెతికేది ఇదే, ఎందుకంటే షీట్ మొత్తం చక్కగా కుదిరినా నిర్ణయం మాత్రం తలకిందులవుతుంది.

ఎలా తెలుస్తుంది: బిల్లింగ్ పిన్‌కోడ్, డెలివరీ పిన్‌కోడ్ వేర్వేరుగా ఉన్న ఆర్డర్లు ఎన్నో లెక్కపెట్టండి. సంక్రాంతి, దసరా ముందు వారాల్లో ఇవి ఎగబాకితే మీది ఈ సమస్యే. చాలా సైట్లలో బిల్లింగ్ అడ్రస్ దానంతట అదే డెలివరీ అడ్రస్‌గా నిండిపోతుంది, కాబట్టి నిజమైన సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది.

పరిష్కారం: చెకౌట్ పేజీలో ఒకే ఒక్క ప్రశ్న పెట్టండి: "ఈ ఆర్డర్ మీకోసమా, ఇంకొకరికి పంపుతున్నారా?" ఇంకొకరికి అన్నవాళ్ళను ఊరి రిపోర్టు నుంచి తీసి పక్కన వేరే వరుసగా ఉంచండి. తమకోసం కొన్నవాళ్ళ పిన్‌కోడ్‌తోనే ఊళ్ళను పోల్చండి.

సమస్య 3: ఒక చిన్న ఊరు అద్భుతంగా కనిపిస్తోంది

ఎలా కనిపిస్తుంది: ఒక పట్టణంలో ఆర్డర్‌కి 60 రూపాయలే ఖర్చు. పక్క పట్టణంలో 400.

కారణం: మొదటి ఊళ్ళో వచ్చినవి నాలుగే ఆర్డర్లు. నాలుగు ఆర్డర్లు చూసి ఆ ఊరి అసలు సత్తా ఎంతో చెప్పలేం. అది ఒకటి నుంచి పది దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అదే వంద ఆర్డర్లుంటే సుమారు 81 నుంచి 122 మధ్య అని చెప్పగలం. పెద్ద నగరానికి ఈ ఇబ్బంది రాదు. జాబితాలో అన్నిటికన్నా పైనా, అన్నిటికన్నా కిందా ఎప్పుడూ చిన్న ఊళ్ళే ఉండడానికి కారణం ఇదే.

పరిష్కారం: ఊరి వరుసను చూసి నిర్ణయించకండి, గ్రూపుని చూడండి. హైదరాబాద్ ఒక గ్రూపు, విశాఖ, విజయవాడ ఒకటి, లక్ష నుంచి పది లక్షల ఊళ్ళు ఒకటి, లక్ష లోపువి ఒకటి, ఇలా నాలుగు చాలు. జనాభాకి 2011 లెక్కలే ఆధారం కాబట్టి శివార్లను గుడ్డిగా జాబితా ప్రకారం పెట్టకండి. మణికొండ హైదరాబాద్‌లోకి, తాడేపల్లి విజయవాడలోకి వెళ్ళాలి. అక్కడి మనుషులు కొనే తీరు నగరం తీరే. గ్రూపు తయారయ్యాక, అందులో అన్నిటికన్నా ఎక్కువ ఆర్డర్లు తెచ్చిన ఊరిని తీసేసి మళ్ళీ లెక్కవేయండి. ఫలితం కుప్పకూలితే అది గ్రూపు బలం కాదు, ఆ ఒక్క ఊరి బలం.

సమస్య 4: ఆర్డర్లు చవగ్గా వస్తున్నాయి, బ్యాంకులో డబ్బు లేదు

కారణం క్యాష్ ఆన్ డెలివరీ. చిన్న ఊళ్ళలో ఇలాంటి ఆర్డర్ల వాటా ఎక్కువగా ఉంటే, తలుపు దగ్గర వద్దని తిప్పిపంపేవీ ఎక్కువే ఉంటాయి. యాడ్స్ రిపోర్టుకి ఇది తెలీదు, ఆర్డర్ పడగానే లెక్క రాసేసుకుంటుంది.

లక్ష లోపు ఊళ్ళలో ఆర్డర్‌కి 160 రూపాయల చొప్పున 100 ఆర్డర్లు వచ్చాయనుకోండి, 28 వెనక్కొచ్చాయి. వెనక్కొచ్చిన ఒక్కోదానికి రానూపోనూ కొరియర్ 120. మొత్తం 16,000 + 3,360 = 19,360. చేరినవి 72, అంటే ఒక్కోటి 269 రూపాయలు. హైదరాబాద్‌లో ఆర్డర్‌కి 230, 100లో 8 వెనక్కి. 23,000 + 960 = 23,960, చేరినవి 92, ఒక్కోటి 260. డెబ్భై రూపాయల తేడా మాయమై, హైదరాబాదే కాస్త చవకని తేలింది.

పరిష్కారం ఒక్కటే: ఊరి రిపోర్టులో "చేరిన ఆర్డర్లు" తప్ప ఇంకేదీ లెక్కించకండి. రిటర్న్ తేలడానికి పది, పదిహేను రోజులు పడుతుంది కాబట్టి చివరి రెండు వారాలు రిపోర్టులో చేర్చకండి.

సమస్య 5: ఇన్ని సరిచేసినా, ఖర్చు ఒక లెక్కలో ఆర్డర్ ఇంకో లెక్కలో

ఇది చాలామంది గమనించరు. ఆర్డర్ ఊరు పిన్‌కోడ్ నుంచి వచ్చింది, సరే. మరి ఖర్చు? అది ఇంకా యాడ్స్ సిస్టమ్ అనుకున్న ఊరి ప్రకారమే ఉంది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చేది అర్థం లేని అంకె. పై లెక్కలోని 160, 230 లాంటి అంకెలను కూడా అందుకే చివరి మాటగా తీసుకోకూడదు.

దీనికి పరీక్ష పెట్టి చూడడమే దారి. ఒకేలాంటి ఊళ్ళను రెండు జట్లుగా తీసుకోండి. ఖమ్మం, నెల్లూరు లాంటివి ఒక జట్టులో, కరీంనగర్, కడప లాంటివి ఇంకో జట్టులో. మొదటి జట్టులో నాలుగు వారాలు అదనంగా 36,000 ఖర్చుపెట్టండి, రెండో జట్టుని ముట్టుకోకండి. తర్వాత తమకోసం కొన్నవాళ్ళ చేరిన ఆర్డర్లనే లెక్కపెట్టండి.

ముందు నాలుగు వారాల్లో మొదటి జట్టు 240, రెండోది 200. పరీక్ష నాలుగు వారాల్లో మొదటిది 384, రెండోది 220. రెండో జట్టు యాడ్ పెంచకుండానే పది శాతం పెరిగింది కాబట్టి, మొదటిది కూడా ఊరికే 264కి చేరేది. అదనంగా వచ్చినవి 120. ఒక్కోదానికి 300 రూపాయలు. ఆర్డర్ మీద మిగిలేది 350 అయితే గిట్టుబాటే అనిపిస్తుంది.

ఇక్కడ ఆగి ఒకసారి చూడాలి. ఈ 120లో కాకతాళీయం ఎంతో లెక్కవేస్తే, అసలు ఫలితం సుమారు 48 నుంచి 192 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఒక్కో ఆర్డర్‌కి 188 నుంచి 750 దాకా. యాడ్ పనిచేసిందన్నది ఖాయం, లాభమా అన్నది ఇంకా ఖాయం కాదు. ఈ దశలో నేనైతే ఏడాది బడ్జెట్ అటు తిప్పను. అదే ఖర్చుతో ఇంకో నాలుగు వారాలు నడుపుతాను. పండగ వారాలు రెండు జట్లకీ సమానంగా పడేలా చూసుకుని, రెండో జట్టు ఊళ్ళను అప్పటిదాకా అలాగే వదిలేస్తాను.