మానసిక వ్యాధి మందులు వాడుతూ పొగ మానడం ఎలా?

పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరి డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. డిప్రెషన్‌తో చప్పబడిన మనసుకు, స్కిజోఫ్రీనియాలో కుదురుకోని ఏకాగ్రతకు అది కాసేపు ఊతమిస్తుంది. నికోటిన్ తగ్గగానే చిరాకు, ఆందోళన, దిగులు మొదలవుతాయి. మరో బీడీ వెలిగిస్తే తగ్గుతాయి కాబట్టి జబ్బే నెమ్మదించిందనిపిస్తుంది. నిజానికి తగ్గింది నికోటిన్ లేని బాధ మాత్రమే. "వాడికున్న సుఖం అదొక్కటే" అని ఇంట్లోవాళ్లు వదిలేయడం చూస్తే నాకు బాధేస్తుంది. మానిన కొన్ని వారాలకు చాలామందిలో దిగులు, ఆందోళన తగ్గుతాయి.

అయితే, డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మానడం ప్రమాదం. స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ మందును రోజుకు 400 మిల్లీగ్రాములు వేసుకుంటూ ఇరవై బీడీలు తాగే మనిషిని ఊహించుకోండి. పొగలోని తారు పదార్థాల వల్ల అతని కాలేయం ఆ మందును త్వరగా కరిగించేస్తుంటుంది. బీడీ ఆపితే వారంలోపే ఆ వేగం పడిపోతుంది. మాత్ర అదే అయినా రక్తంలో మందు సగం మేర, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది. రాత్రి లాలాజలంతో దిండు తడుస్తుంది, పొద్దెక్కినా మెలకువ రాదు, లేస్తే తూలుతాడు, మలబద్ధకం పెరుగుతుంది. మూర్ఛ కూడా రావచ్చు. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు పొరబడతారు.

అందుకే మొదటి పని, మానే తేదీకి కనీసం వారం ముందు సైకియాట్రిస్టుకు చెప్పడం. క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవారికి ఇది తప్పనిసరి. మోతాదు తగ్గించాలా, రక్తపరీక్ష చేయాలా అన్నది ఆయనే నిర్ణయించాలి. మాత్రలు మీరే తగ్గించుకోవద్దు. డిప్రెషన్ మాత్రల్లో చాలావాటికి ఈ చిక్కు తక్కువ, డులోక్సెటిన్, ఫ్లువోక్సమిన్ వాడేవారు మాత్రం చెప్పాలి.

తర్వాత నికోటిన్ గమ్ లేదా ప్యాచ్. మందును కరిగించేది పొగే తప్ప నికోటిన్ కాదు కాబట్టి వీటిని వాడుతున్నా పై జాగ్రత్త అవసరమే. గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే వికారం వస్తుంది. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు. పొగ మాన్పించడానికి వాడే వరెనిక్లిన్ మాత్ర గురించి కూడా డాక్టరును అడగండి. మానసిక వ్యాధులున్నవారిపైనా జరిగి 2016లో వెలువడిన పెద్ద పరీక్షలో, అది మనోలక్షణాలను చెప్పుకోదగ్గంతగా పెంచలేదు. అదే పనికి వాడే బ్యుప్రోపియాన్‌కు మూర్ఛ తెప్పించే గుణం ఉంది, క్లోజపిన్‌తో కలపడం మంచిది కాదు.

కాఫీలోని కెఫీన్ కూడా కాలేయంలో ఆ దారినే కరుగుతుంది. పొగ మానినవారు టీ, కాఫీలను సగానికి తగ్గించాలి. లేకపోతే గుండెదడ, నిద్రలేమి వస్తాయి. వాటిని నికోటిన్ కోరికగా భావించి మళ్లీ వెలిగిస్తారు.

ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే పొగాకు మాన్పించే ఉచిత సహాయ నంబరు 1800-11-2356, మానసిక సహాయానికి టెలిమానస్ 14416. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే టెలిమానస్‌కు ఫోను చేయండి.

మళ్లీ తాగడం మొదలైనా దాచవద్దు. తగ్గించిన మోతాదు మీదే పొగ తాగితే మందు చాలక, కొద్ది రోజుల్లోనే గొంతులు మళ్లీ వినబడవచ్చు. పొగ తాగనివ్వని వార్డులో మోతాదు కుదిరి, ఇంటికి రాగానే బీడీ అందుకున్నవారికీ ఇదే జరుగుతుంది. డిశ్చార్జి రోజునే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడండి.