10⁻⁸ మోలార్ ఆమ్లానికి పీహెచ్ 8 వస్తే: సమస్య – పరిష్కారం

పీహెచ్ 5 ఉన్న హైడ్రోక్లోరికామ్ల ద్రావణంలో 1 మిల్లీలీటరు తీసుకొని, శుద్ధమైన నీరు కలిపి మొత్తం ఘనపరిమాణాన్ని 1000 మిల్లీలీటర్లు చేశామనుకుందాం. ఆమ్లం గాఢత 10⁻⁵ నుంచి 10⁻⁸ మోలార్‌కు తగ్గింది. ఇప్పుడు దాని పీహెచ్ ఎంత? ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ అని, అక్కడ నీటి అయానిక లబ్ధం Kw విలువ 1.0 × 10⁻¹⁴ అని తీసుకొని ఈ లెక్క ఎక్కడెక్కడ దారి తప్పుతుందో చూద్దాం.

లక్షణం: జవాబు 8 వచ్చింది

pH = −log[H⁺] అనే సూత్రంలో 10⁻⁸ పెడితే 8 వస్తుంది. అంకగణితంలో తప్పేమీ లేదు, అయినా జవాబు అసాధ్యం, ఎందుకంటే ఆమ్లాన్ని ఎంత పలుచన చేసినా అది 7 వైపు జరుగుతుందే తప్ప 7ను దాటి క్షారంగా మారదు.

కారణం

సూత్రం అడిగేది ద్రావణంలోని మొత్తం హైడ్రోజన్ అయాన్ల గాఢత. మనం ఇచ్చింది ఆమ్లం నుంచి వచ్చిన వాటా మాత్రమే. 0.01 మోలార్ ఆమ్లంలో నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లు 10⁻¹² మోలార్ మాత్రమే కాబట్టి వాటిని వదిలేసినా ఎవరికీ తెలియదు, ఆ అలవాటే ఇక్కడి దాకా వస్తుంది. కానీ శుద్ధమైన నీటిలో ఆ అయాన్లు 10⁻⁷ మోలార్ ఉంటాయి. మనం కలిపిన ఆమ్లం ఇచ్చేది అందులో పదో వంతు. అంటే చిన్న వాటాను లెక్కలోకి తీసుకొని పెద్ద వాటాను వదిలేశామన్నమాట.

నమ్మకం కుదరకపోతే విద్యుదావేశాలను లెక్కపెట్టి చూడవచ్చు. [H⁺] నిజంగానే 10⁻⁸ అయితే, Kw ప్రకారం [OH⁻] విలువ 10⁻⁶ కావాలి. దానికి క్లోరైడ్ అయాన్లు 10⁻⁸ కలిపితే ఋణావేశాలు మొత్తం 1.01 × 10⁻⁶ అవుతాయి. ధనావేశాలు 10⁻⁸ మాత్రమే ఉన్నప్పుడు ఋణావేశాలు వాటికి 101 రెట్లు ఉన్న ద్రావణం ఎక్కడా ఉండదు.

లక్షణం: నీటిని కూడా కలిపాం, 6.96 వచ్చింది

ఇది మొదటి తప్పు కంటే ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే జవాబు 7 కంటే కొంచెం తక్కువగా, చూడటానికి సరిగ్గానే ఉంటుంది. ఇక్కడ చేసిన పని 10⁻⁷కు 10⁻⁸ కలిపి 1.1 × 10⁻⁷ అని తీసుకోవడం.

శుద్ధమైన నీటిలో ఉన్న 10⁻⁷ విలువ ఆమ్లం కలిపాక అలాగే నిలబడదు. బయటి నుంచి హైడ్రోజన్ అయాన్లు రాగానే నీటి అయనీకరణ సమతాస్థితి వెనక్కి జరుగుతుంది, కొన్ని హైడ్రోజన్ అయాన్లు హైడ్రాక్సైడ్ అయాన్లతో కలిసి మళ్లీ నీరవుతాయి. ఇది ఉమ్మడి అయాన్ ప్రభావమే. దీన్ని పట్టించుకోలేదని రుజువు కావాలంటే లబ్ధం చూస్తే చాలు: [H⁺] 1.1 × 10⁻⁷ గానూ, [OH⁻] 10⁻⁷ గానూ ఉంటే వాటి లబ్ధం 1.1 × 10⁻¹⁴ అవుతుంది. అది Kw కాదు.

పరిష్కారం

రెండు షరతులను ఒకేసారి నెరవేర్చాలి. ధనావేశాల మొత్తం ఋణావేశాల మొత్తానికి సమానం కావాలి. హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతల లబ్ధం Kw కావాలి. ఆమ్లం పూర్తిగా అయనీకరణం చెందుతుంది కాబట్టి క్లోరైడ్ గాఢత కలిపిన ఆమ్లం గాఢత C కి సమానం.

[H⁺] = C + [OH⁻] = C + Kw/[H⁺]

ఇరువైపులా [H⁺] తో గుణిస్తే వర్గ సమీకరణం వస్తుంది:

[H⁺]² − C[H⁺] − Kw = 0

ఇన్ని ఋణ ఘాతాంకాలతో కుస్తీ పట్టనక్కర్లేదు. గాఢతలన్నిటినీ 10⁻⁷ ప్రమాణంగా కొలిస్తే C విలువ 0.1, Kw విలువ 1 అవుతాయి. [H⁺] ను y × 10⁻⁷ అనుకుంటే సమీకరణం ఇలా తేలికవుతుంది:

y² − 0.1y − 1 = 0
y = (0.1 + √4.01) / 2 = (0.1 + 2.0025) / 2 = 1.05125

రెండో మూలం ఋణ సంఖ్య. గాఢత ఋణాత్మకం కాదు కాబట్టి దాన్ని వదిలేస్తాం. ఇక పీహెచ్ అంటే 7 నుంచి log 1.05125 ను, అంటే 0.0217ను తీసివేయగా వచ్చే 6.978. రెండు దశాంశాలకు సవరిస్తే 6.98.

సరిచూడటం కూడా సులువే. [OH⁻] = 1/1.05125 = 0.95125. దీనికి క్లోరైడ్ వాటా 0.1 కలిపితే 1.05125, అంటే ఆవేశాలు సరిపోయాయి. ఈ 0.95125 నీరు విడుదల చేసిన హైడ్రోజన్ అయాన్ల వాటా కూడా, ఎందుకంటే నీరు ఒక్కో హైడ్రాక్సైడ్‌తో పాటు ఒక్కో హైడ్రోజన్ అయాన్‌ను ఇస్తుంది. ఆమ్లం రాకతో నీటి అయనీకరణం దాదాపు 5 శాతం తగ్గిందని ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది.

6.96కూ 6.98కూ ఉన్న తేడా ఏపాటిదని అనిపించవచ్చు. అయితే C విలువ 10⁻⁷ ఉన్నప్పుడు చూడండి. సమీకరణం y² − y − 1 = 0 అవుతుంది, y = 1.618, పీహెచ్ 6.79. (ఈ 1.618 స్వర్ణ నిష్పత్తే. అనుకోకుండా ఇక్కడ ఎదురవుతుంది.) నీటిని వదిలేసినవారికి 7.00, నేరుగా కూడినవారికి 6.70 వస్తాయి. రెండూ సరైన విలువకు ఇటూ అటూ ఎడంగానే ఉన్నాయి.

10⁻⁶ మోలార్ దగ్గర ఇదే సమీకరణం 5.996 ఇస్తుంది, మామూలు సూత్రం 6 ఇస్తుంది. అంతకంటే గాఢమైన బలామ్లాలకు వర్గ సమీకరణం అనవసర శ్రమ. 10⁻⁹ మోలార్ దగ్గర విలువ 6.998, అక్కడ ద్రావణాన్ని నీరని అనుకున్నా పెద్ద నష్టం లేదు.

లక్షణం: వేరే ఉష్ణోగ్రతలో లెక్క కుదరడం లేదు

ఇక్కడ తప్పు సమీకరణంలో లేదు, అందులో పెట్టిన Kw లో ఉంది. 50 డిగ్రీల దగ్గర Kw సుమారు 5.5 × 10⁻¹⁴, తటస్థ బిందువు 6.63. అక్కడ 10⁻⁸ మోలార్ ఆమ్లం పీహెచ్ 6.62 వస్తుంది. దాన్ని 7తో పోల్చకూడదు, 6.63తో పోల్చాలి.

లక్షణం: లెక్క 6.98 అంటోంది, పీహెచ్ మీటరు 5.6 దగ్గర ఆగింది

మీటరు చెడిపోయిందని తేల్చే ముందు బీకరుకు మూత ఉందో లేదో చూడాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది, అందుకే గాలికి తెరిచి ఉంచిన శుద్ధజలం కూడా 5.6 దగ్గరకు చేరుతుంది. ఆ పీహెచ్‌లో హైడ్రోజన్ అయాన్లు సుమారు 2.5 × 10⁻⁶ మోలార్, అంటే మనం కలిపిన ఆమ్లానికి 250 రెట్లు. 6.98 అనే జవాబు గాలి సోకని నీటికే వర్తిస్తుంది. గాలి సోకిన నీటికైతే ఆవేశాల సమీకరణంలో కుడివైపు బైకార్బొనేట్ కూడా చేరుతుంది:

[H⁺] = C + [OH⁻] + [HCO₃⁻]