పెళ్లి శుభలేఖ ప్రూఫ్ ఎలా చూసుకోవాలి?

ప్రెస్ నుంచి ప్రూఫ్ రాగానే అందరి కళ్లూ పేర్ల మీదకే పోతాయి. పేర్లలో తప్పుంటే ఇంట్లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. అతిథులను ఇబ్బంది పెట్టేది తేదీ, వేళ, వేదిక. అందుకే వాటితో మొదలుపెట్టండి.

పంతులుగారు రాసిచ్చిన లగ్నపత్రిక పక్కన పెట్టుకుని ముహూర్తం సరిచూడండి. అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే మరీ జాగ్రత్త. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, క్యాలెండర్‌లో తేదీ రాత్రి 12కే మారిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పెళ్లి విజయవాడలో, రిసెప్షన్ గుంటూరులో. కార్డు తెలుగు వైపు ‘18వ తేదీ బుధవారం రాత్రి 1-12 గంటలకు’ అని, ఇంగ్లిష్ వైపు 19 గురువారం అని ఉంది. రెండూ ఒకే ముహూర్తం. కానీ ఇంగ్లిష్ వైపు మాత్రమే చదివిన ఆఫీసు మిత్రుడు గురువారం సాయంత్రం వస్తాడు, అప్పటికి పందిరి కూడా విప్పేసి ఉంటారు. ‘18వ తేదీ బుధవారం రాత్రి 1-12 గం.లకు (తెల్లవారితే 19వ తేదీ గురువారం)’ అని రాసి, ఇంగ్లిష్ వైపు కూడా ‘బుధవారం రాత్రి’ అన్న మాట వచ్చేలా చూడండి.

తర్వాత వరుస. అదే కార్డులో రిసెప్షన్ పెద్ద అక్షరాలతో పైన ఉంది, ‘విందు: ముహూర్తానికి ముందు’ అని చివర్లో ఉంది, కల్యాణ మండపం పేరు ఒక్కచోటే ఉంది. రెండూ అక్కడే అనుకుని విజయవాడలో దిగినవారు మళ్లీ సుమారు 35 కిలోమీటర్లు వెళ్లాలి. జరిగే క్రమంలోనే రాయించండి: బుధవారం రాత్రి 7 నుంచి విందు, తర్వాత ముహూర్తం, ఆపైన 20వ తేదీ శుక్రవారం రిసెప్షన్. ప్రతి దాని కిందా దాని వేదిక, వీధి, ఊరు ఉండాలి. ఊరి పేరు మనకు తెలిసిందేనని వదిలేస్తుంటారు, దూరం నుంచి వచ్చేవారికి ముందు కావలసింది అదే.

ఇక మాటతీరు. ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి’ అన్నది పెద్దలకు ఇష్టమైన వాక్యం, ఉంచండి. వేళలు, చిరునామాలు మాత్రం వాడుక తెలుగులోనే ఉండాలి. మీకన్నా చిన్నవారూ, ఇతర మతాల స్నేహితులూ వస్తున్నప్పుడు ‘ఆశీర్వదించి’ అని ఆపకుండా ‘ఆశీస్సులు, శుభాకాంక్షలు అందించి’ అంటే అందరికీ సరిపోతుంది. ‘చదివింపులు స్వీకరించబడవు’ అన్నది ఆఫీసు నోటీసులా ఉంటుంది. ‘మీ ఆశీస్సులే మాకు కానుకలు’ అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇప్పుడు కార్డును ఇంటివారు కాని ఒకరి చేతిలో పెట్టి అడగండి: ఏ రోజు బయల్దేరతారు, ఎక్కడ దిగుతారు, భోజనం ఎన్నింటికి? తడుముకున్న చోట దిద్దండి. మీరు వాట్సాప్‌లో పంపిన సవరణను డీటీపీ వాళ్లు చాలాసార్లు మళ్లీ టైపు చేస్తారు, అప్పుడు కొత్త తప్పు దొర్లవచ్చు. దిద్దిన ప్రూఫ్‌ను మొదటి అక్షరం నుంచి చదివాకే సంతకం చేయండి.