పాలసీ ఇక రెన్యూ చేయలేమని పార్టీకి లెటర్ రాయడం ఎలా?

విశాఖలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచిలో అండర్‌రైటింగ్ సీట్లో, అంటే పాలసీ ఇవ్వాలా వద్దా తేల్చే పనిలో, చాలా ఏళ్లు కూర్చున్నాను. క్లెయిమ్ రాలేదని గొడవపడ్డవాళ్లను చూశాను గానీ, అంతకంటే మొండి గొడవలు "రెన్యూ చేయం" అని పంపిన నాలుగు లైన్ల లెటర్ దగ్గర మొదలయ్యేవి. ఒకసారి మా దగ్గర నుంచి "అననుకూల క్లెయిమ్ అనుభవం దృష్ట్యా" అని ఒక లెటర్ వెళ్లింది. ఆ పార్టీకి, అంటే పాలసీదారుకు, అప్పటికే ఒక క్లెయిమ్ పెండింగ్‌లో ఉంది. క్లెయిమే తిరగ్గొట్టేశారనుకుని ఆయన నేరుగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లిపోయాడు. క్లెయిములు ఎక్కువొచ్చాయి కాబట్టి రెన్యూ చేయం అన్నదే లెటర్ రాసినాయన ఉద్దేశం, క్లెయిమ్ తిరగ్గొట్టడం ఆయన మనసులో లేనేలేదు.

రాసే ముందు, అసలు ఈ పాలసీకి అలాంటి లెటర్ రాయొచ్చా అన్నది చూసుకోండి. హెల్త్ పాలసీ అయితే, నిరుడు క్లెయిములు ఎక్కువొచ్చాయని రెన్యువల్ ఆపడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒప్పుకోదు, మోసం రుజువు కావాలి, లేదా పాలసీదారు నిజం దాచినట్టో తప్పుగా చెప్పినట్టో తేలాలి. బండికి థర్డ్ పార్టీ కవర్ చట్టం ప్రకారం తప్పనిసరి, అక్కడ కూడా మనకు నచ్చలేదంటే కుదరదు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా షాపులు, గోడౌన్ల ఫైర్ పాలసీల గురించే. అందులోనూ పాలసీ కాగితాల్లో రెన్యువల్ షరతు తీసి చదవండి, నోటీసు ఇన్ని రోజులని అక్కడ రాసి ఉంటే అదే ఫైనల్.

మా గాజువాక ఆటోనగర్ వైపు ఉండేలాంటి ఒక గోడౌన్ అనుకుందాం. ఫోమ్ పరుపుల స్టాకు, 90 లక్షల బీమా, బ్యాంకు లోను. పాలసీ గడువు అక్టోబరు 20. జూన్ 12న ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లిన ఇంజినీరు రెండు విషయాలు రాశాడు: స్టాకుకు ఆనుకునే వెల్డింగ్ పని జరుగుతోంది, మెయిన్ స్విచ్ దగ్గర వైర్లు ఊడి వేలాడుతున్నాయి. జూన్ 19న సరిచేయమని లెటర్ పంపారు. ఆగస్టు 20న మళ్లీ వెళ్తే వైర్లు మార్చారు గానీ వెల్డింగ్ అక్కడే ఉంది. బ్రాంచి ఇక రెన్యూ చేయకూడదనుకుంది.

ఇప్పుడు రోజుల లెక్క. షరతులో ఏమీ లేకపోయినా, పార్టీ చేతికి లెటర్ అందిన రోజు నుంచి గడువు తేదీకి కనీసం 45 రోజులుండాలని నేను పట్టుబట్టేవాణ్ని. ఇది నా లెక్క, రూలు కాదు. వేరే కంపెనీ వాళ్లు వచ్చి చూసుకుని కొటేషన్ ఇవ్వాలి కదా. పైగా విశాఖలో అక్టోబరంటే తుఫాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. తుఫాను హెచ్చరిక వచ్చాక కొత్తగా తుఫాను కవర్ ఇవ్వడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు, అలాంటి వారంలో మన పార్టీని బయట నిలబెడితే నోటీసు ఎంత కరెక్టుగా ఉన్నా గొడవ తప్పదు. అందుకే సెప్టెంబరు 1న సంతకం చేసి పంపారు, 4న అందింది, అంటే 46 రోజులు. స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు వచ్చిన కాగితం ఫైల్లో పెట్టండి. పార్టీ మెయిల్‌కీ, ఏజెంటుకీ కాపీ వెళ్లాలి. పాలసీలో బ్యాంకు పేరుంటే బ్యాంకుకు కూడా తప్పకుండా పంపాలి, చాలామంది మర్చిపోయేది దీన్నే. సరుకు బ్యాంకుకు తాకట్టులో ఉండగా కవర్ పోయిన సంగతి వాళ్లకు చెప్పకపోతే రేపు రెండో గొడవ అటు నుంచి వస్తుంది.

లెటర్లో మొదటి పేరా ఇలా ఉంటే చాలు:

"మీ గోడౌన్ ఫైర్ పాలసీ గడువు అక్టోబరు 20 రాత్రి 11:59తో ముగుస్తుంది. ఆ తర్వాతి కాలానికి ఈ పాలసీని మేము రెన్యూ చేయడం లేదు. అప్పటివరకు మీ కవర్ ఎప్పటిలాగే అమల్లో ఉంటుంది. ఆ లోపు జరిగిన నష్టానికి మీరు పెట్టే క్లెయిమును పాలసీ షరతుల ప్రకారమే చూస్తాం, దానికీ ఈ లెటర్‌కూ సంబంధం లేదు."

"రద్దు" అనే మాట ఎక్కడా రానివ్వకండి. గడువు మధ్యలో కవర్ తీసేయడం వేరు, గడువయ్యాక కొనసాగించకపోవడం వేరు, రద్దు మీద ఐఆర్‌డీఏఐ ఆంక్షలు చాలా గట్టిగా ఉంటాయి. ఒక్క మాట తేడాతో మీరు ఆ గొడవలోకి వెళ్లిపోతారు. "అర్ధరాత్రి" అని కూడా రాయకండి, అది 19వ తేదీ రాత్రా 20వ తేదీ రాత్రా అని వాదించుకున్నవాళ్లున్నారు.

తర్వాత కారణం. అసలు కష్టం ఇక్కడే. కారణం రాయకుండా "కంపెనీ విధానం ప్రకారం" అంటే పార్టీ తనకు తోచిన కారణం ఊహించుకుంటాడు, అది మనకు ఎప్పుడూ మంచిగా ఉండదు. అలాగని ఐదారు కారణాలు కుక్కి చివర "మొదలైనవి" అని పెడితే, అందులో బలహీనమైనది పట్టుకుని మిగతావన్నీ పడగొడతారు. చూసిందేదో తేదీతో సహా రాయండి, మనిషి మీద అభిప్రాయం రాయకండి.

మొదట డ్రాఫ్టులో ఏం రాశారో చూడండి: "మీరు భద్రత విషయంలో నిర్లక్ష్యంగా ఉన్నారు, పదేపదే చెప్పినా పట్టించుకోలేదు." చెప్పింది ఒక్కసారే, పైగా వైర్లు మార్చాడు. దాన్ని ఇలా తిరగరాశారు:

"జూన్ 12 తనిఖీలో స్టాకు పక్కనే వెల్డింగ్ జరుగుతున్నట్టు గమనించి, దాన్ని వేరే చోటికి మార్చమని జూన్ 19న రాశాం. ఆగస్టు 20న మళ్లీ చూసినప్పుడు వైరింగ్ సరిచేశారు, వెల్డింగ్ పని మాత్రం అదే చోట కొనసాగుతోంది. ఈ కారణంగా రెన్యూ చేయలేకపోతున్నాం."

పార్టీ చేసిన మంచి పని కూడా రాశారు చూడండి, దానివల్ల రెండో వాక్యాన్ని ఆయన కాదనలేడు. ఇదే కారణం లోపలి ఆఫీస్ నోట్‌లోనూ ఉండాలి. నోట్‌లో "క్లెయిములు ఎక్కువ" అనీ లెటర్లో "వెల్డింగ్" అనీ ఉంటే, ఫైలు బయటకు తీసిన రోజు మీ వైపు మాట్లాడేవాళ్లుండరు. మోసం రుజువు కాకుండా "అనుమానం", "నమ్మకం" లాంటి మాటలు అస్సలు వద్దు.

వెల్డింగ్ మార్చేస్తే మళ్లీ చూస్తామనాలనుకుంటే జాగ్రత్త. "మార్చితే రెన్యూ చేస్తాం" అని రాస్తే అది హామీ అయిపోతుంది. "సెప్టెంబరు 25లోగా మార్చి ఫోటోలతో తెలియజేస్తే మళ్లీ పరిశీలిస్తాం. పరిశీలన అంటే రెన్యువల్‌కు అంగీకారం కాదు. మా నుంచి రాతపూర్వకంగా సమాధానం వచ్చేవరకు వేరే కవర్ కోసం ప్రయత్నించవలసిందిగా కోరుతున్నాం" అని రాయండి.

"చింతిస్తున్నాం" ఒక్కసారి చాలు. ఎక్కువసార్లు అంటే తప్పు మనదే అన్నట్టుంటుంది. చివర్లో ఫిర్యాదు దారి చెప్పండి: బ్రాంచి గ్రీవెన్స్ ఆఫీసరు పేరు, ఫోను, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్. పార్టీ సొంత వ్యాపారి లేదా సూక్ష్మ సంస్థ అయితే బీమా ఫిర్యాదులు విచారించే హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ అడ్రసు కూడా ఇవ్వండి, ఆంధ్రకు కూడా ఆ ఆఫీసే.

లెటర్ పోయాక క్యాష్ కౌంటర్‌లో చెప్పి, సిస్టంలో ఆ పాలసీ నంబరు బ్లాక్ చేయించండి. అక్టోబరు 15న ఏజెంటు అలవాటుగా ప్రీమియం కట్టేస్తాడు, కౌంటర్లో అబ్బాయి రసీదు ఇచ్చేస్తాడు, ఇక మీ లెటర్‌కు విలువ లేదని పార్టీ లాయరు ఆ రసీదే చూపిస్తాడు. పొరపాటున డబ్బు పడితే అదే రోజు వెనక్కి పంపి, ఎందుకు పంపారో రెండు లైన్లు రాయండి, అందులోనూ సెప్టెంబరు 1 లెటర్ తేదీ ఉండాలి.