రిక్రూటర్‌కి రాయడం, పాఠం 4: ‘ఫీజు లేదు’ అన్న జవాబు ఎందుకు చాలదు

ఈ వారం జీతం గురించి మాట్లాడే పాఠం రావాలి. పోయిన పాఠం చూసి మీరు రాసి పంపిన సందేశాలు చదివాక దాన్ని వెనక్కి జరిపాను. తప్పు నాది. ‘ఆఫర్ నిజమైనదేనా, అభ్యర్థుల దగ్గర ఫీజు తీసుకోరు కదా అని అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి’ అని చెప్పి ఊరుకున్నాను. ఎవరికి రాయాలో చెప్పలేదు. దాంతో చాలామంది ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై కొట్టారు. అవతల ఉన్నది మోసగాడైతే, నువ్వు దొంగవా అని దొంగనే అడిగినట్టయింది.

ఒక పాఠకురాలి సంగతి చెబుతాను. ఆమె రాసింది ఇంతే: ‘సార్, ఈ ఆఫర్ జెన్యూనేనా? ఫీజు ఏమైనా కట్టాలా? దయచేసి తప్పుగా అనుకోకండి.’ పది నిమిషాల్లో జవాబు వచ్చింది: ‘వంద శాతం జెన్యూన్. మా కంపెనీ ఏ ఫీజూ తీసుకోదు.’ ఆమె ఊపిరి పీల్చుకుంది. మూడో రోజు ఇంకో మెయిల్: ఆఫీసు ల్యాప్‌టాప్ పంపడానికి రీఫండబుల్ డిపాజిట్ కట్టాలట, సాయంత్రం లోపు. ఫీజు లేదన్నారు కదా అని ఆమె అడిగితే, ‘ఇది ఫీజు కాదమ్మా, డిపాజిట్. మొదటి జీతంతో వెనక్కి వచ్చేస్తుంది’ అన్నాడు. అదృష్టం బాగుండి అక్కడ ఆగి నాకు రాసింది.

ముందు అడ్రసు

ఆమెకి వచ్చిన మెయిల్ పైభాగం ఇలా ఉంది. అసలు పేర్లు తీసేసి, చివర `.com` బదులు `.example` పెట్టాను.

```
From: "Company HR" <offers@company-careers.example>
Reply-To: hr-desk@another.example
```

కొటేషన్లలో ఉన్న పేరు చూడకండి, అక్కడ ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. `@` తర్వాతి భాగాన్ని చివర నుంచి వెనక్కి చదవండి. కంపెనీ అసలు సైటు `company.example` అయితే `careers.company.example` దానిలో భాగమే, ఎందుకంటే చుక్క ఉంది. `company-careers.example` మాత్రం వేరే డొమైన్. మధ్యలో ఉన్నది గీత. అలాంటి పేరు ఖాళీగా ఉంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. రెండో వరుస ఇంకా ముఖ్యం: మీరు రిప్లై కొడితే ఆ జవాబు పై అడ్రసుకి పోదు, `Reply-To`లో ఉన్నదానికి పోతుంది. ఫోన్‌లో ఇది కనబడకపోవచ్చు. పంపే ముందు ‘టు’ గడి మీద ఒకసారి నొక్కి చూడండి.

From అడ్రసు సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మలేం, దాన్నీ నకిలీగా పెట్టొచ్చు. కాబట్టి రిప్లై వద్దు, కొత్త మెయిల్ మొదలుపెట్టండి. కంపెనీ సైటు అడ్రసు మీరే టైప్ చేసి తెరిచి, అక్కడున్న హెచ్‌ఆర్ లేదా కెరీర్స్ అడ్రసుకి రాయండి. ఆఫర్ లెటర్ మీద అచ్చయిన ఫోన్ నంబరూ లెక్కలోకి రాదు, లెటర్ తయారుచేసినవాడే నంబరూ వేశాడు. రిక్రూటర్ ఏజెన్సీ మనిషైతే అడ్రసు వేరే డొమైన్‌ది కావడం మామూలే. అప్పుడు, ఈ పోస్టుకి ఆ ఏజెన్సీని మీరే పెట్టుకున్నారా అని కంపెనీనే అడగాలి.

ఇక ఆ మాట, ‘ఫీజు’

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ‘ఫీజు ఉందా?’ అని అడిగితే ‘లేదు’ అనడం మోసగాడికి చాలా తేలిక, ఎందుకంటే వాడు అడగబోయే డబ్బుకి ఆ పేరు పెట్టడు. డిపాజిట్ అంటాడు. ట్రైనింగ్ కిట్ అంటాడు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఖర్చు, డాక్యుమెంటేషన్, కొరియర్, యూనిఫాం, వీసా ప్రాసెసింగ్. ఒక్కోసారి డబ్బు కంపెనీకి కాదు, ‘మా వెండర్‌కి’ కట్టమంటాడు. ఇంకోసారి మీకే చెక్కు పంపి, అందులో కొంత ఇంకొకరికి పంపమంటాడు. ఆ చెక్కు తర్వాత బౌన్స్ అవుతుంది, మీరు పంపింది మాత్రం తిరిగి రాదు. పేర్లు ఎన్నయినా మీ చేతిలోంచి డబ్బు బయటికి పోతోంది.

అందుకే పేర్ల వెంట పడకండి, డబ్బు కదలికని అడగండి: ఏ దశలోనైనా, ఏ పేరుతోనైనా, ఎవరి ఖాతాకైనా, తిరిగి ఇచ్చేదైనా సరే. ఈ నాలుగు తలుపులూ ఒకే వాక్యంలో మూయాలి. ‘తిరిగి ఇచ్చేదైనా’ అన్నది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. మీ సర్టిఫికెట్ నకలు కోసం మీ యూనివర్సిటీకి మీరే నేరుగా కట్టేది దీని కిందికి రాదు. ఎవరి ఖాతాకి కట్టాలో రిక్రూటర్ చెబుతుంటే వస్తుంది.

ఇది మన చాదస్తం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం, 7వ అధికరణంలో, ప్రైవేటు ఉద్యోగ ఏజెన్సీలు నేరుగా గానీ పరోక్షంగా గానీ, మొత్తంగా గానీ కొంత గానీ, పనివాళ్ల నుంచి ఫీజులూ ఖర్చులూ వసూలు చేయకూడదని ఉంది. అందులోనే కొన్ని మినహాయింపులకి వీలుంది, అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు. కాబట్టి చట్టం పేరు చెప్పి బెదిరించకండి, ‘మీ పద్ధతి ఏమిటి’ అని అడగండి.

తిరగరాసిన సందేశం

నమస్కారం. అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకి మీ కంపెనీ పేరుతో నాకు మంగళవారం ఆఫర్ వచ్చింది. పంపినవారి పేరు, మెయిల్ అడ్రసు, లెటర్ మీది రిఫరెన్స్ నంబరు కింద ఇచ్చాను. రెండు విషయాలు తెలపగలరు.

1. ఈ ఆఫర్ మీ రికార్డుల్లో ఉందా? పంపినవారు మీ ఉద్యోగా, లేక మీ తరఫు ఏజెన్సీ మనిషా?
2. మీ నియామకంలో అభ్యర్థి ఏ దశలోనైనా, ఏ పేరుతోనైనా, తిరిగి ఇచ్చేదైనా సరే, ఎవరికైనా డబ్బు కట్టాల్సి ఉంటుందా?

మీ జవాబు వచ్చేదాకా గుర్తింపు పత్రాలు, బ్యాంకు వివరాలు పంపడం ఆపి ఉంచాను.

చివరి వాక్యం బెదిరింపు కాదు, సమాచారం. ‘తప్పుగా అనుకోకండి’ తీసేశాను. నా మొదటి సందేశాల్లో నాలుగు వరుసల క్షమాపణల కింద అసలు ప్రశ్న ఎవరికీ కనబడేది కాదు. మెయిల్‌కి లెటర్ జత చేయొచ్చు గానీ, అందులో మీ గుర్తింపు నంబరు ఉంటే చెరిపి పంపండి.

జవాబులో చూడాల్సింది ఒకటే: మీ రెండో ప్రశ్నకి అదే వెడల్పుతో సమాధానం ఉందా? ‘మేము ఫీజు తీసుకోము’ అని మళ్లీ కురచ చేస్తే, ‘డిపాజిట్ కూడా లేదా?’ అని ఒక్క వాక్యంతో తిరిగి అడగండి. ‘ఫోన్‌లో మాట్లాడదాం’ అంటే మాట్లాడండి, కానీ విన్నది మెయిల్‌లో రాసి పంపమనండి. రెండు పని దినాలైనా జవాబు లేకపోతే అది మోసమనీ కాదు, నిజమనీ కాదు. సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, హెచ్‌ఆర్‌కి కలపమని అడిగి, రిఫరెన్స్ నంబరు చెప్పండి. ఈలోగా అవతలివాడు ‘ఈరోజే ఆఖరు’ అంటుంటే, నేనైతే ఆ ఆఫర్ వదిలేస్తాను. కొందరికి ఇది తొందరపాటు అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

అభ్యాసం: మీకు వచ్చిన ఏదైనా ఆఫర్ మెయిల్ తీసుకుని, ‘ఫీజు’, ‘జెన్యూన్’ అన్న రెండు మాటలూ వాడకుండా ఆరు వాక్యాల్లో సందేశం రాయండి. తర్వాత మీరే మోసగాడి కుర్చీలో కూర్చుని, దానికి అబద్ధం కాని జవాబు రాసి డబ్బు అడగడానికి ప్రయత్నించండి. అడగగలిగితే ఏ మాట దగ్గర సందు దొరికిందో గీత గీసి, రెండో ప్రశ్న మళ్లీ రాయండి. సందు దొరకని దాకా. నాకు పంపేటప్పుడు మొదటి ప్రతీ, చివరి ప్రతీ రెండూ పంపండి.